ఓపెనింగ్ తేదీ ఖరారైంది, సప్లయర్‌తో ఆలస్యం పెనాల్టీ క్లాజు ఎలా మాట్లాడాలి

షాపు, హోటల్, క్లినిక్ ఏది పెడుతున్నా చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ముహూర్తం పెట్టేశాం, కార్డులు కూడా వేయిస్తున్నాం. ఫర్నిచర్ ఆయన టైముకి ఇవ్వకపోతే పెనాల్టీ అని రాయించుకోవాలి. అడిగితే ఆయన ఏమనుకుంటాడో?" అసలు అడగనివాళ్లు కొందరు. ఎక్కడో చూసిన క్లాజును కాపీ చేసి ఆర్డర్ చివర పెట్టి, సంతకం చేయించుకుని ధీమాగా కూర్చునేవాళ్లు కొందరు. తేదీ దాటాక ఇద్దరి పరిస్థితీ దాదాపు ఒకటే.

రాజమండ్రిలో ఒక బట్టల షోరూమ్ పని చూసినప్పటి లెక్కతో చెబుతాను. అంకెలు కాస్త సర్దాను, పద్ధతి మాత్రం అదే. ఓపెనింగ్ ఆగస్టు 21, శ్రావణ శుక్రవారం. ఆషాఢంలో ఓపెనింగ్ పెట్టరు, శ్రావణం దాటితే పెళ్లిబట్టల బేరం చేజారిపోతుంది. అంటే ఆ తేదీని జరపడం అంత తేలిక కాదు. ర్యాకులు, కౌంటర్లు, అద్దాల అరల ఆర్డర్ విలువ జీఎస్టీ కాకుండా 18 లక్షలు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- సప్లయర్ ఇచ్చిన కొటేషన్, అందులో ఆయన రాసిన గడువు
- ఓపెనింగ్ ముందు మీరు చేయాల్సిన పనుల పట్టిక, ఒక్కోదానికి పట్టే రోజులు
- నెల అద్దె, జీతాలు, సరుకు మీద లోన్ వడ్డీ అంకెలు
- సప్లయర్‌కి ఉద్యం రిజిస్ట్రేషన్ ఉందో లేదో (ఎందుకో చివర్లో చెబుతాను)

1. తేదీని వెనక నుంచి లెక్కేయండి

ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. ఓపెనింగ్ 21 అయితే ఆర్డర్లో "ఆగస్టు 20 లోపు డెలివరీ" అని రాస్తారు. 20న సరుకు వస్తే 21న షాపు తెరవగలరా? తెరవలేరు.

మా లెక్క ఇది. 20వ తేదీ శుభ్రం చేయడానికి, పూజ ఏర్పాట్లకు. బట్టలు సర్దడానికి ఆరు రోజులు కావాలి, 14 నుంచి 19 వరకు. మధ్యలో 15 సెలవు రోజు, కూలీలు తక్కువ దొరుకుతారు, అది కూడా చూసుకోవాలి. ర్యాకుల్లో లైట్లు బిగించడానికి ఎలక్ట్రీషియన్‌కి రెండు రోజులు, 12, 13. కాబట్టి ర్యాకుల ఫిట్టింగ్ 11 సాయంత్రానికి పూర్తి కావాలి. అది మన అసలు హద్దు. దానికి నాలుగు రోజులు ముందు పెట్టి, ఆర్డర్లో ఆగస్టు 7 అని రాశాం.

ఇందులో సప్లయర్‌ని మోసం చేసేదేమీ లేదు. "ఓపెనింగ్ 21, మీ గడువు 7, మధ్యలో మా పనులు ఇవీ" అని పట్టిక చూపించి చెప్పాం. దాచిపెడితే ఎలాగూ తెలుస్తుంది. తెలిశాక మీరు చెప్పే ఏ తేదీనీ ఆయన నమ్మడు.

రెండో సంగతి, 'డెలివరీ' అనే మాట. ఇంతకుముందు ఒక షాపులో ఆ మాటే మమ్మల్ని ముంచింది. చెప్పిన రోజుకే లారీ వచ్చింది, చలాన్ మీద సంతకం పెట్టాం. విప్పి చూస్తే ఫ్రేములున్నాయి, పలకలున్నాయి, అద్దపు అరల కింద పెట్టే క్లిప్పులు మాత్రం లేవు. ఒక్క చీర పెట్టడానికి కూడా చోటు లేదు. క్లిప్పులు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. "మేం టైముకే డెలివరీ ఇచ్చాం కదండీ, చలాన్ చూడండి" అన్నారాయన. కాగితం ప్రకారం ఆయన మాట నిజమే.

అందుకే 'డెలివరీ' బదులు "అన్ని ర్యాకులు, అరలు బిగించి, బట్టలు పెట్టడానికి సిద్ధంగా అప్పగించడం" అని రాయండి. ఎవరు చూసి సరే అంటారో కూడా రాయండి. ఇద్దరూ కలిసి తిరిగి చూసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం మంచి పద్ధతి. చిన్న గీత పడిందనో, లామినేట్ అంచు కాస్త లేచిందనో అప్పగింత ఆపబోమని కూడా అందులోనే ఒప్పుకోండి. అలాంటివి విడిగా జాబితా రాసి తర్వాత చేయించుకోవచ్చు.

2. ఒక రోజు ఆలస్యమైతే మీకు ఎంత పోతుందో కాగితం మీద వేయండి

ఈ కాగితం లేకుండా పెనాల్టీ మాట ఎత్తకండి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే. దానికి మించకుండా న్యాయమైన పరిహారం ఇప్పిస్తారు. రాసుకున్నారు కదా అని మొత్తం ఇచ్చేయరు. అసలు నష్టమే లేకపోతే పరిహారం లేదని సుప్రీంకోర్టు 2015లో స్పష్టంగా చెప్పింది. ఎదుటివాణ్ణి భయపెట్టడానికి వేసిన పెద్ద అంకె కోర్టులో నిలబడటం కష్టం. మీ నష్టాన్ని ముందుగా నిజాయితీగా అంచనా వేసి రాసిన అంకెకు బలం ఉంటుంది. ఇంతకుమించి చట్టం ఇక్కడ అక్కర్లేదు.

మా షోరూమ్ లెక్క: అద్దె నెలకు 1,20,000, అంటే రోజుకు 4,000. 22 మంది స్టాఫ్‌ని ముందే తీసుకున్నాం, సగటున 14,000 జీతం, రోజుకు సుమారు 10,270. సరుకు మీద 60 లక్షల లోన్, 11 శాతం వడ్డీ, రోజుకు సుమారు 1,800. మొత్తం రోజుకు 16,000 పైచిలుకు. పోయే లాభాన్ని ఇందులో కలపలేదు. ఇంకా తెరవని షాపుకి ఆ రోజు ఎంత అమ్మకం జరిగేదో ఎవరు రుజువు చేస్తారు? అద్దె రసీదు, జీతాల పట్టిక, బ్యాంకు స్టేట్‌మెంట్ అయితే చేతిలో ఉంటాయి.

ఈ కాగితం మీద తేదీ వేసి, ఆర్డర్ ఫైల్లోనే పెట్టండి. ఆలస్యం అయ్యాక వేసిన లెక్కకు అంత విలువ ఉండదు.

3. రేటు, గరిష్ఠ హద్దు తేల్చండి

ప్రభుత్వ కొనుగోళ్లలో మామూలుగా కనిపించేది వారానికి అర శాతం, గరిష్ఠం 10 శాతం. చాలామంది దాన్నే దించేస్తారు. 18 లక్షల మీద అర శాతం అంటే వారానికి 9,000, రోజుకు 1,300 కూడా రాదు. ఇంకో పెద్ద ఆర్డర్ వస్తే సప్లయర్ మీ కార్పెంటర్లను అక్కడికి పంపి ఆ 9,000 నవ్వుతూ కడతాడు. తేదీ ఖరారైన పనికి ఆ రేటు పనికిరాదు.

అలాగని 16,000 మొదటి రోజు నుంచే పెట్టడం కూడా సరికాదు. ఆగస్టు 8 నుంచి 11 వరకు ఆలస్యమైతే మన ఓపెనింగ్ ఆగదు. మనుషులను అటూ ఇటూ సర్దుకునే ఖర్చు మాత్రమే ఉంటుంది. 11 దాటితే అసలు ప్రమాదం మొదలవుతుంది. అందుకే రెండు మెట్లు పెట్టాం:

- ఆగస్టు 8 నుంచి 11 వరకు రోజుకు 3,000
- ఆగస్టు 12 నుంచి రోజుకు 10,000
- అన్నీ కలిపి గరిష్ఠం 1,80,000, అంటే ఆర్డర్ విలువలో 10 శాతం

16,000 నష్టానికి 10,000 మాత్రమే ఎందుకు? షాపు ఆగితే దానికి ర్యాకులాయన ఒక్కడే కారణం కాకపోవచ్చు. పైగా ఆయన లాభమే మొత్తం మీద రెండు మూడు లక్షలు ఉంటుంది. ఆయన తట్టుకోలేని అంకె వేస్తే రెండింట్లో ఒకటి జరుగుతుంది. ఆర్డర్ వద్దంటాడు, లేదా ఆ భయానికి సరిపడా ధర పెంచుతాడు. రెండోది మీకు కనిపించదు కూడా.

గరిష్ఠ హద్దు వద్దని కొందరు పట్టుబడతారు. నా అనుభవంలో హద్దు ఉంటేనే సప్లయర్ సంతకం పెడతాడు. హద్దు దాటాక మీకు వేరే హక్కు ఉండాలి: మిగిలిన పని రద్దు చేసి ఇంకొకరితో చేయించుకోవడం, అదనంగా అయిన ఖర్చు ఆయన దగ్గర తీసుకోవడం.

4. మీ వైపు బాధ్యతలు రాయండి

ఈ భాగం మీరే ముందు రాస్తే బేరం సగం తేలికవుతుంది. మేం మూడు రాశాం: జూన్ 25కి డ్రాయింగులు ఖరారు చేస్తాం, జులై 20కి ఫ్లోరింగ్ పూర్తయిన హాలు అప్పగిస్తాం, వాయిదాలు చెప్పిన తేదీలకు కడతాం. మా వల్ల ఎన్ని రోజులు ఆగితే గడువు అన్ని రోజులు జరుగుతుంది. అయితే ఆగిన 24 గంటల్లో ఆయన వాట్సాప్‌లోనో మెయిల్లోనో రాయాలి. చివర్లో లెక్క తేల్చేటప్పుడు "అప్పుడు మీ హాల్లో కరెంటు లేదు కదా" అంటే చెల్లదు.

గడువు జరిగినప్పుడు 8వ తేదీ, 12వ తేదీ రెండూ కలిసి జరగాలి. ఒకటే జరుపుతామని రాసి గొడవపడినవాళ్లను చూశాను.

5. ఎప్పుడు, ఎలా అడగాలి

ఇద్దరు ముగ్గురు సప్లయర్ల నుంచి ఒకరిని దాదాపు ఎంచుకున్నాక, చివరి ధర తేల్చే ముందు అడగండి. ధర తేలాక అడిగితే "ఇంత తగ్గించాక మళ్లీ ఇదేంటి" అంటారు, అందులో న్యాయం ఉంది. అడ్వాన్స్ ఇచ్చాక అడిగితే ఇక మీ చేతిలో ఏమీ ఉండదు.

ముందు ఎదురుగా కూర్చుని మాట్లాడండి, తర్వాత రాసి పంపండి. 'పెనాల్టీ' అనే మాటతో మొదలుపెట్టకండి. తేదీల పట్టికతో మొదలుపెట్టండి. మేం మాట్లాడాక పంపిన మెసేజ్ ఇది:

> "నమస్కారం అండీ. నిన్న మాట్లాడుకున్నట్టు ఓపెనింగ్ ఆగస్టు 21. మీ తర్వాత ఎలక్ట్రీషియన్, సరుకు సర్దే పని ఉన్నాయి కాబట్టి మీ ఫిట్టింగ్ 7వ తేదీకి పూర్తి కావాలి. ఆ తేదీ మీకు వీలవుతుందా, కాదా అన్నది ముందు చెప్పండి. వీలుకాకపోతే ఏ తేదీ అయితే ఖాయమో చెప్పండి, ఐటమ్స్ తగ్గించుకుని అయినా చూద్దాం. ఖాయమైతే, ఆలస్యమైన రోజులకు నష్టపరిహారం ఎలా లెక్కేద్దామో ఒక పేజీ రాశాను, జత చేస్తున్నాను. మా వల్ల ఆలస్యమైతే ఆ రోజులు మీకు కలుస్తాయి, అదీ అందులోనే ఉంది. చూసి, మార్చాలనుకున్నవి గీత గీసి పంపండి."

ఇందులో ముఖ్యమైన వాక్యం "ఏ తేదీ అయితే ఖాయమో చెప్పండి" అన్నది. దానికి మా ఫర్నిచర్ ఆయన నిజం చెప్పారు. "కౌంటర్లకి వేసే కొరియన్ రాయి రావడానికి టైమ్ పడుతుందండీ, 7కి ర్యాకులు ఇవ్వగలను, కౌంటర్లు 12కి" అన్నారు. కౌంటర్లు 12కి వచ్చినా మాకు ఇబ్బంది లేదు. వాటిని విడిగా రాశాం. పెనాల్టీ మాట ఎత్తకపోతే ఈ సంగతి ఆగస్టులో తెలిసేది.

6. ఆయన ఏమంటాడు, మీరేమనాలి

"ఇరవై ఏళ్లుగా చేస్తున్నాం, ఎవరూ ఇలా రాయించుకోలేదు, మా మీద నమ్మకం లేదా?" ఇది మొదట వచ్చే మాట. వాదించకండి. "నమ్మకం ఉంది కాబట్టే మీకు ఇస్తున్నామండీ. తేదీ జరపలేని పని కాబట్టి రాసుకుంటున్నాం, ఏసీ ఆయనకీ ఇదే కాగితం" అనండి. ఏసీ ఆయనకు నిజంగా ఇస్తేనే ఆ మాట అనండి.

"అయితే రేటు ఐదు శాతం పెంచాలి." ఐదు శాతం అంటే 90,000. ఆ డబ్బుకి బదులు ఏమివ్వగలరో చూడండి. సప్లయర్లకు రేటు కంటే ఎక్కువ నొప్పి బ్యాలెన్స్ ఆలస్యంగా రావడం. ఫిట్టింగ్ 7లోపు అయితే ఆ వాయిదా మర్నాడే కడతామని రాశాం, ఆయన రేటు మాట వదిలేశారు.

"వర్షాలు, లారీల సమ్మె వస్తే?" వరదలు, సమ్మెలు, ప్రభుత్వ ఆంక్షలు మినహాయించండి. కూలీలు రాకపోవడం, ప్లైవుడ్ దొరకకపోవడం మాత్రం మినహాయింపులో చేర్చకండి. అవి ఆయన వ్యాపారంలో ఆయన చూసుకోవాల్సినవి.

రోజువారీ మొత్తానికి ఎంతకీ ఒప్పుకోకపోతే ప్రత్యామ్నాయం ఉంది. ధరనే 3 శాతం తగ్గించి, టైముకి ఇస్తే ఆ 3 శాతం బోనస్‌గా ఇస్తామని రాయండి. డబ్బు దాదాపు అదే, కానీ ఆయన చెవికి వేరేగా వినిపిస్తుంది. బలం కొంచెం తక్కువే. బోనస్ పోయాక తొందరపడటానికి ఆయనకు కారణం ఉండదు.

7. క్లాజు రాయండి

లాయర్‌కి చూపించే ముందు మీ భాషలో ఇంత స్పష్టంగా ఉండాలి:

> "అనుబంధం 1లోని ర్యాకులు, అరలు అన్నీ బిగించి, బట్టలు పెట్టడానికి సిద్ధంగా ఆగస్టు 7 సాయంత్రం 6 లోపు సరఫరాదారు అప్పగించాలి. ఈ ఒప్పందంలో గడువు కీలకం. ఆలస్యమైతే, కొనుగోలుదారుకు కలిగే నష్టానికి ఇరుపక్షాలు ముందుగా వేసిన అంచనా ప్రకారం ఆగస్టు 8 నుంచి 11 వరకు రోజుకు రూ. 3,000, 12 నుంచి రోజుకు రూ. 10,000, గరిష్ఠంగా రూ. 1,80,000 నష్టపరిహారంగా, చెల్లించాల్సిన బిల్లు నుంచి మినహాయించవచ్చు. కొనుగోలుదారు కారణంగా పని ఆగి, ఆ సంగతి సరఫరాదారు 24 గంటల్లో రాతపూర్వకంగా తెలిపితే, పని ఎన్ని రోజులు ఆగితే పై తేదీలన్నీ అన్ని రోజుల తర్వాతికి జరుగుతాయి."

మినహాయించాలంటే మీ దగ్గర డబ్బు మిగలాలి. మా వాయిదాలు: అడ్వాన్స్ 40 శాతం, సామాను సైట్‌కి వచ్చాక 30, ఫిట్టింగ్ పూర్తయ్యాక 20, మిగిలిన 10 శాతం నెల తర్వాత. ఆ 10 శాతం సరిగ్గా 1,80,000, అంటే గరిష్ఠ హద్దుతో సమానం. 80 శాతం అడ్వాన్స్ ఇచ్చి పెనాల్టీ క్లాజు రాసుకున్నవాళ్లు తర్వాత సప్లయర్ వెంట తిరగాల్సిందే.

8. సంతకానికి ముందు ఇలా పరీక్షించండి

క్లాజు రాయని మనిషి చేతికి ఇచ్చి మూడు లెక్కలు అడగండి. మేం మా అకౌంటెంట్‌కి ఇచ్చాం.

ఫిట్టింగ్ 10న పూర్తయితే ఎంత? మూడు రోజులు, 9,000. 20న పూర్తయితే? 8 నుంచి 20 వరకు 13 రోజులు. నాలుగు రోజులకు 12,000, తొమ్మిది రోజులకు 90,000, మొత్తం 1,02,000. హాలు మూడు రోజులు ఆలస్యంగా అప్పగించి, ఫిట్టింగ్ 10న పూర్తయితే? సున్నా.

ఏ ఒక్క జవాబు వేరేగా వచ్చినా క్లాజు మళ్లీ రాయాలి. మాకు మొదటిసారి రెండో జవాబు 92,000 వచ్చింది, ఎందుకంటే "12 తర్వాత" అని రాశాం. 12 కలుస్తుందా లేదా అన్న గొడవ అది. "12 నుంచి" అని మార్చాం.

9. మధ్యలో చూస్తూ ఉండండి, ఆలస్యమైతే ఆ రోజే రాయండి

క్లాజు రాశాక ఆగస్టు 7 దాకా కూర్చోకండి. జులై 10న ఒకసారి, 25న ఒకసారి వర్క్‌షాప్‌కి వెళ్లండి. 25కి ఫ్రేములు కోసి, లామినేట్ అతికించి ఉండాలి. పలకలు ఇంకా కట్టలుగా గోడకి ఆనించి ఉంటే 7కి రావు, ఆయన ఏం చెప్పినా సరే. అప్పుడు ఇంకా పదమూడు రోజులున్నాయి, కొన్ని ర్యాకులు వేరే చోట చేయించుకునే వీలుంది.

ఇక చాలామందికి తెలియని చిక్కు. గడువు కీలకమని రాసుకున్న ఒప్పందంలో, తేదీ దాటాక వచ్చిన పనిని మీరు ఏమీ అనకుండా తీసుకుంటే, ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోవచ్చు. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ చెప్పేది ఇదే: తీసుకునే సమయంలోనే పరిహారం అడుగుతామని తెలియజేయాలి. మర్యాద కొద్దీ ఊరుకోకండి. అప్పగింత కాగితం మీదే ఒక్క లైను రాయండి: "ఆలస్యంగా అందుకున్నాం, ఒప్పందం ప్రకారం ఆలస్య నష్టపరిహారం అడిగే హక్కు ఉంచుకుంటున్నాం." ఆ రోజే మెయిల్ కూడా చేయండి. "పర్లేదండీ, మెల్లగా ఇవ్వండి" అని ఫోన్లోనో వాట్సాప్‌లోనో అనకండి.

ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తరహా సప్లయర్ అయితే ఇంకో జాగ్రత్త. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా, సరుకు స్వీకరించిన 45 రోజుల్లోపు కట్టాలి. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. అభ్యంతరం ఉంటే సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. అంటే పెనాల్టీ లెక్క తేలలేదని మొత్తం బిల్లు ఆపకూడదు. గొడవ ఉన్న మొత్తాన్ని మాత్రం ఆపి, మిగిలింది కట్టేయండి.

మా షోరూమ్‌లో ఫిట్టింగ్ 10వ తేదీ సాయంత్రం పూర్తయింది. లెక్క ప్రకారం మూడు రోజులు. అందులో ఒక రోజు మా ఎలక్ట్రీషియన్ రెండో అంతస్తుకి కరెంటు ఇవ్వలేదు, ఆయన ఆ సాయంత్రమే ఫొటోతో వాట్సాప్ పెట్టారు. కాబట్టి రెండు రోజులు, 6,000. ఆఖరి వాయిదాలో 1,74,000 ఇచ్చాం, లెక్క కాగితం మీద ఇద్దరం సంతకం చేశాం. ఆ 6,000కి ఆయన ఇన్‌వాయిస్ విలువ తగ్గించాల్సిన పని లేదు, దాని మీద జీఎస్టీ వేయాల్సిన పనీ లేదు. ఒప్పందం ఉల్లంఘనకు ఇచ్చే పరిహారం సరఫరా కిందికి రాదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సీబీఐసీ 2022 ఆగస్టు 3న ఇచ్చిన సర్క్యులర్ 178లో ఉంది. మీ అకౌంటెంట్ దాన్ని జీఎస్టీ లేని డెబిట్ నోట్‌గా రాసుకుంటే చాలు.